చెల్లెలి పెళ్ళికి సెలవు లేఖ: కాలం ఎక్కడ తప్పుతోంది, మర్యాద ఎక్కడ జారుతోంది

ప్రశ్న: మా చెల్లి పెళ్ళికి మూడు రోజులు సెలవు అడుగుతూ మేనేజర్‌కి తెలుగులో లేఖ రాశాను. ఆఫీసుకు శని, ఆదివారాలు ఎలాగూ సెలవే. చదువుతుంటే ఏదో తేడాగా ఉంది, ఎక్కడో తెలియడం లేదు. కాలాలు, వ్యాకరణం, మర్యాద చూసి సరిచేయగలరా?

> గౌరవనీయమైన మేనేజర్ గారికి,
>
> నేను మీ కంపెనీలో అకౌంట్స్ విభాగములో పనిచేస్తాను. నా చెల్లెలు పెళ్ళి నవంబరు 15న నిర్ణయించి నేను ఊరు వెళ్ళవలసి వచ్చింది. ఎందుకంటే పెళ్ళి పనులన్నీ నేను చూసుకోవాలి కాబట్టి ఆఫీసుకు రాలేకపోతున్నాను. కావున నాకు 13 నుండి 18 వరకు మూడు రోజులు సెలవు తీసుకుంటున్నాను, దయచేసి ఇప్పించగలరు. 18న వచ్చేస్తా. నా పని ఇంకొకరు చూస్తారు.
>
> ఇట్లు, మీ విధేయులు

సమాధానం:

ముందు సరిచేసిన లేఖ ఇస్తాను. ఏ వాక్యం ఎందుకు మారిందో ఆ తర్వాత చూద్దాం.

> తేదీ: 02-11-2026
>
> గౌరవనీయులైన మేనేజర్ గారికి,
> నమస్కారం.
>
> విషయం: చెల్లెలి పెళ్ళి నిమిత్తం మూడు రోజుల సెలవు కోసం అభ్యర్థన
>
> నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా చెల్లెలి పెళ్ళి నవంబరు 15వ తేదీ ఆదివారానికి నిశ్చయమైంది. పెళ్ళి పనులు చూసుకోవడానికి నేను రెండు రోజులు ముందుగా ఊరు వెళ్ళవలసి ఉంది. కావున నవంబరు 13 (శుక్రవారం), 16 (సోమవారం), 17 (మంగళవారం) తేదీలకు నాకు మూడు రోజుల సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. 18వ తేదీ బుధవారం తిరిగి విధుల్లో చేరతాను.
>
> నా దగ్గరున్న బిల్లుల నమోదు 12వ తేదీ సాయంత్రంలోగా పూర్తి చేస్తాను. నేను లేని రోజుల్లో వచ్చే బిల్లులు చూసుకోవడానికి (సహోద్యోగి పేరు) గారు అంగీకరించారు. అత్యవసరమైతే ఫోన్‌లో అందుబాటులో ఉంటాను.
>
> ధన్యవాదాలతో,
> ఇట్లు,
> మీ విధేయుడు / విధేయురాలు
> (పేరు, ఉద్యోగి సంఖ్య)

మీ లేఖలో అసలు చిక్కంతా వాక్యం చివర వచ్చే క్రియల్లో ఉంది. తెలుగులో కాలం అక్కడే తెలుస్తుంది, అడుగుతున్నామా, చెప్పేస్తున్నామా అన్నదీ అక్కడే తెలుస్తుంది. అందుకే ఒక్క క్రియ తప్పితే తేదీ, మర్యాద రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. సెలవు లేఖలో మూడు రకాల సంగతులుంటాయి. పెళ్ళి కుదరడం ఇప్పటికే అయిపోయిన సంగతి. మీ ఉద్యోగం, మీ కోరిక ఇప్పటి సంగతులు. ఊరెళ్ళడం, తిరిగి రావడం ఇకముందు జరిగేవి. మీ లేఖలో ఇవి ఒకదాని స్థానంలో ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మొదటి వాక్యంతో మొదలుపెడదాం. "పనిచేస్తాను" అన్న రూపం తెలుగులో రెండు పనులు చేస్తుంది. "రోజూ ఆరింటికి లేస్తాను" అన్నప్పుడు అలవాటు, "రేపు వస్తాను" అన్నప్పుడు రాబోయే కాలం. మాటల్లో "ఫలానా చోట పనిచేస్తాను" అంటే ఎవరూ పొరబడరు. కానీ మీరు ప్రస్తుతం ఉన్న ఉద్యోగాన్ని కాగితం మీద చెప్పేటప్పుడు "పనిచేస్తున్నాను" అనాలి. అదే లేఖలో తర్వాత "18న చేరతాను" అన్న భవిష్యత్ క్రియ రావాలి, మొదట్లోనూ అదే రూపం వాడితే చదివేవారికి రెండింటి మధ్య తేడా కనపడదు.

అదే వాక్యంలో "మీ కంపెనీలో" అన్నారు. యజమానికి రాస్తే అది చెల్లుతుంది. మేనేజర్ కూడా మీలాగే అక్కడి ఉద్యోగి కాబట్టి "మీ కంపెనీ" అంటే బయటివారెవరో రాసినట్టుంటుంది. "మన" అనొచ్చు, అసలు తీసేయొచ్చు కూడా. విభాగం పేరు చాలు, అది కూడా లేఖ మేనేజర్ దగ్గర ఆగకుండా సిబ్బంది వ్యవహారాలు చూసేవారికి వెళ్తుంది కాబట్టే. "విభాగములో" అన్నదాన్ని "విభాగంలో" చేశాను. "విభాగములో" తప్పు కాదు, పాత రూపం. దాని పక్కనే "వచ్చేస్తా" అని ఉండటమే ఇబ్బంది. ఒక వాక్యం పాత అర్జీలా, ఇంకొకటి ఫోన్ మాటలా ఉంటే లేఖ అతుకుల బొంతలా కనిపిస్తుంది. వాడుక భాష పెట్టుకున్నారంటే మొదటి నుంచి చివరిదాకా అదే ఉండాలి. "కోరుచున్నాను" రాస్తే "చేరెదను" దాకా వెళ్ళాల్సి వస్తుంది, ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు.

రెండో వాక్యం: ఒకే చోట నాలుగు పొరపాట్లు

"నా చెల్లెలు పెళ్ళి నవంబరు 15న నిర్ణయించి నేను ఊరు వెళ్ళవలసి వచ్చింది." దీన్ని కాస్త నెమ్మదిగా విప్పాలి.

"చెల్లెలు పెళ్ళి" కాదు, "చెల్లెలి పెళ్ళి". చెల్లెలు అన్న మాట ఇంకో నామవాచకం ముందుకు వచ్చినప్పుడు చివరి ఉకారం ఇకారమవుతుంది. తమ్ముడు, కూతురు, మరదలు, మేనకోడలు, మేనల్లుడు అన్నీ ఇంతే: తమ్ముడి పెళ్ళి, కూతురి పుట్టినరోజు, మేనకోడలి నిశ్చితార్థం. అక్క, అన్నయ్య, వదిన, బావ మారవు. కొడుకు కూడా మారదు, "కొడుకు పెళ్ళి" అనే అంటాం. ఈ పొరపాటు ఎందుకొస్తుందంటే ఇంట్లో "చెల్లి పెళ్ళి" అంటాం, చెల్లి అన్న మాటకు మార్పు అక్కర్లేదు. లేఖ కదా అని "చెల్లి"ని "చెల్లెలు" చేస్తాం, దాంతోపాటు రావలసిన మార్పు మరిచిపోతాం. అనుమానంగా ఉంటే "మా చెల్లి పెళ్ళి" అనే రాయండి, అందులో అగౌరవమేమీ లేదు.

"నా చెల్లెలు" వ్యాకరణంగా సరైనదే. అయినా తోబుట్టువుల గురించి, అమ్మానాన్నల గురించి పైవారితో మాట్లాడేటప్పుడు తెలుగువాళ్ళం "మా" అంటాం. "మన" మాత్రం వద్దు. "మన" అంటే వినేవారినీ కలుపుకున్నట్టు, అప్పుడు మేనేజర్ కూడా అన్నగారైపోతారు.

మూడోది "15న నిర్ణయించి". ఇది చదివితే నిర్ణయం 15న జరిగిందనిపిస్తుంది, పెళ్ళి ఎప్పుడో తెలియదు. తేదీకి తగిలించిన "న" తన తర్వాత వచ్చే మొదటి క్రియకు అతుక్కుంటుంది. ఇక్కడ ఆ క్రియ "నిర్ణయించి" కాబట్టి తేదీ దానికే పోయింది. "15వ తేదీకి నిశ్చయమైంది" అంటే "కి" వల్ల ఆ తేదీ పెళ్ళికి పెట్టుకున్నదని స్పష్టమవుతుంది. "15న జరగనుంది" అన్నా సరే. రెండింట్లో నేను "నిశ్చయమైంది" వైపే మొగ్గుతాను. తేదీ ఖాయమైపోయిందని, మార్చడం మీ చేతిలో లేదని భూతకాలం తనంతట తానే చెబుతుంది. వేరే తేదీల్లో సెలవు పెట్టుకోకూడదా అన్న ప్రశ్న రాదు. "నిర్ణయించబడినది" మాత్రం రాయొద్దు. పెళ్ళి కుదిరింది, ఖాయమైంది, నిశ్చయమైంది అంటాం గానీ పెళ్ళి నిర్ణయించబడింది అని ఇంట్లో ఎవరూ అనరు.

అదే "నిర్ణయించి"లో ఇంకో చిక్కు ఉంది. "నేను స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాను" అన్నప్పుడు స్నానం చేసిందీ, వెళ్ళిందీ ఒకరే. ఈ "చేసి, వచ్చి, నిర్ణయించి" రూపాలు సాధారణంగా రెండు క్రియలకూ ఒకే కర్తను కోరతాయి. మీ వాక్యంలో నిర్ణయించినది పెద్దవాళ్ళు, వెళ్ళేది మీరు. ఉన్నదున్నట్టు చదివితే చెల్లెలి పెళ్ళిని మీరే నిర్ణయించి మీరే ఊరెళ్ళారని వస్తుంది. ఇలాంటి చోట వాక్యాన్ని రెండుగా కోసేయడమే తేలిక మార్గం. "నిశ్చయమైంది." అక్కడ చుక్క. తర్వాత "నేను వెళ్ళవలసి ఉంది."

నాలుగోది అన్నింటికంటే ముఖ్యమైనది. "వెళ్ళవలసి వచ్చింది" అంటే వెళ్ళడం అయిపోయింది, అప్పుడు తప్పలేదు అని. మీరు రాస్తున్నది నవంబరు 2న, వెళ్ళేది 13న. రాబోయే అవసరానికి "వెళ్ళవలసి ఉంది" అనాలి, లేదా "వెళ్ళాలి". ఈ పొరపాటు సెలవు లేఖల్లో తరచూ కనిపిస్తుంది. "సెలవు అడగాల్సి వచ్చింది" అని మాటల్లో వాడీ వాడీ చేయి అటే పోతుంది. అడగడం ఇప్పుడే జరిగింది కాబట్టి అక్కడ అది సరిపోతుంది. వెళ్ళడం ఇంకా జరగలేదు.

"రాలేకపోతున్నాను" గురించి

మూడో వాక్యంలో "ఎందుకంటే" ఒక కారణం తెచ్చింది, "కాబట్టి" మళ్ళీ అదే కారణాన్ని మూసింది. రెండూ ఒకే వాక్యంలో పడితే కారణం ఏది, ఫలితం ఏది అన్నది అటూ ఇటూ లాగుతుంది. ఒకటి చాలు. ఆ తర్వాతి వాక్యం "కావున"తో మొదలవుతుంది కాబట్టి ఇక్కడ ఆ ఒకటి కూడా అక్కర్లేదు.

"రాలేకపోతున్నాను" అంటే ఈ క్షణంలో రాలేని స్థితిలో ఉన్నానని. జ్వరంతో మంచం మీద నుంచి ఉదయం తొమ్మిదింటికి పంపే సందేశానికి ఇది సరిగ్గా సరిపోతుంది. పదకొండు రోజుల తర్వాతి సంగతికి "రాలేను" లేదా "హాజరు కాలేను" అనాలి. అయితే సరిచేసిన లేఖలో ఆ మాటే తీసేశాను. సెలవు అడుగుతున్నామంటేనే రాలేమని కదా. పైగా "రాలేను" అని ముందు చెప్పి ఆ తర్వాత సెలవు అడిగితే, ఇవ్వకపోయినా రానని ముందే చెప్పినట్టవుతుంది. కారణం, కోరిక రెండే ఉంటే వాక్యం మెత్తగా వినిపిస్తుంది.

కోరిక వాక్యం: మర్యాద తేలేది ఇక్కడే

"కావున నాకు 13 నుండి 18 వరకు మూడు రోజులు సెలవు తీసుకుంటున్నాను, దయచేసి ఇప్పించగలరు."

"నాకు"తో మొదలైన వాక్యం "ఇవ్వండి" తోనో "మంజూరు చేయండి" తోనో ముగియాలి. "తీసుకుంటున్నాను"కు కర్త "నేను". అడుగుదామని మొదలుపెట్టి మధ్యలో చెప్పేయడానికి మారిపోయారు, అందుకే వాక్యం నడుము విరిగింది.

అంతకంటే పెద్ద సంగతి ఆ "తీసుకుంటున్నాను"లోనే ఉంది. తెలుగులో "-తున్నాను" రూపం ఇప్పుడు జరుగుతున్నదానికే కాదు, ముందు జరగబోయేదానికి కూడా వాడతాం. "వచ్చే వారం ఊరెళ్తున్నాం" అంటాం. కానీ అలా అన్నప్పుడు అది తేలిపోయిన సంగతి, ఇక మార్పు లేదు అనే ధ్వని ఉంటుంది. స్నేహితుడికి చెబితే ఇబ్బంది లేదు. అనుమతి ఇవ్వాల్సిన మనిషికి "13న సెలవు తీసుకుంటున్నాను" అని రాస్తే, మీ నిర్ణయంతో పని లేదు, తెలియజేస్తున్నాను అంతే అని చదువుకుంటారు. మీ ఉద్దేశం అది కాదు. మీరు వెతుకుతున్న తేడా ఇదే. ఇక్కడ కాలం తప్పితే మర్యాద తప్పినట్టే.

వింతేమిటంటే "కోరుతున్నాను"లో ఉన్నదీ అదే "-తున్నాను". అక్కడ అది సరైనది, ఎందుకంటే కోరడం అనే పని ఆ అక్షరాలు రాస్తుండగానే జరుగుతోంది. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి: సెలవు లేఖలో "-తున్నాను" మీ ఉద్యోగానికి, మీ కోరికకు మాత్రమే. సెలవుకు, ప్రయాణానికి తగిలించొద్దు.

"ఇప్పించగలరు" దగ్గరికి వద్దాం. "ఇప్పించు" అంటే వేరొకరి చేత ఇచ్చేలా చేయడం. పై అధికారి నుంచి సెలవు తెప్పించమని ఎవరినైనా అడుగుతుంటే ఆ మాట పొసగుతుంది. పాత అర్జీల్లో "ఇప్పించవలసిందిగా ప్రార్థన" అన్నది అలవాటుగా ఉండిపోయింది. సెలవు ఇచ్చేది ఈ మేనేజరే కాబట్టి "మంజూరు చేయవలసిందిగా" సూటిగా ఉంటుంది. "-గలరు" విషయం కొంచెం సున్నితం. నోటీసు బోర్డు మీద "గమనించగలరు" అని ఉంటుంది చూడండి, అది పైకి వినయంగా ఉన్నా పాటించి తీరాలన్న సూచన. కింది ఉద్యోగి పై ఉద్యోగికి "ఇవ్వగలరు" అని ముగిస్తే ఆ నోటీసు ధ్వనే వస్తుంది. దాన్ని వదలబుద్ధి కాకపోతే "మంజూరు చేయగలరని ఆశిస్తున్నాను" అనండి, "ఆశిస్తున్నాను" ఆ బరువు తగ్గిస్తుంది. ప్రశ్నగా మారిస్తే మొత్తం రంగే మారిపోతుంది. "ఇవ్వగలరా?" అంటే నిజంగా అడిగినట్టే, మీ ప్రశ్నలో "సరిచేయగలరా?" అన్నారు, చక్కగా ఉంది.

మెట్లుగా చూస్తే, "ఇవ్వండి" అన్నది చనువున్న మేనేజర్‌కు ఫోన్ సందేశంలో చెల్లుతుంది. "మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను" అన్నది ఏ ఆఫీసులోనైనా ఎవరికైనా చెల్లుతుంది. "ప్రార్థిస్తున్నాను" మూడు రోజుల సెలవుకు ఎక్కువ, బతిమాలినట్టుంటుంది. "తమరు, తమ" కూడా అంతే. పైగా "తమ" అన్న మాట "వాళ్ళ సొంత" అనే అర్థంలోనూ వాడతాం కాబట్టి వాక్యంలో ఎవరిదో తికమకపడే అవకాశం ఉంది. "మీరు" చాలినంత గౌరవమే. "కోరుతున్నాను" ఉన్నచోట "దయచేసి" అదనం. ఒకవేళ పెట్టినా లేఖ మొత్తంలో ఒక్కసారే.

"మూడు రోజులు సెలవు" కాదు, "మూడు రోజుల సెలవు". రోజులు అన్నది సెలవుకు కొలతగా ముందు నిలబడినప్పుడు చివరి ఉకారం పోతుంది. "రెండు గంటల పని", "నాలుగు నెలల జీతం" అన్నట్టే. "సెలవు" తర్వాత క్రియ ఉండి, రోజులు ఆ క్రియకు చెందితే మాత్రం "మూడు రోజులు సెలవులో ఉంటాను" అనొచ్చు.

తేదీలు

"13 నుండి 18 వరకు మూడు రోజులు" అని రాశారు. "వరకు" అంటే ఆ చివరి రోజు కూడా కలిసినట్టే అందరూ చదువుతారు. అలా లెక్కిస్తే 13, 14, 15, 16, 17, 18 ఆరు రోజులు. శని, ఆదివారాలు తీసేసినా నాలుగు, మూడు కాదు. మళ్ళీ కింద 18న వస్తానన్నారు. ఈ మూడు మాటల్లో ఏది నమ్మాలో తెలియక లేఖ వెనక్కి రావడమో, మీ ఖాతాలో నాలుగు రోజులు కోతపడటమో జరుగుతుంది.

మధ్యలో వారాంతం పడినప్పుడు "నుండి, వరకు" వదిలేసి పనిదినాలను విడివిడిగా రాయడమే మంచిది. వారం పేరు పక్కన పెడితే అంకె తప్పు పడ్డా ఇట్టే బయటపడుతుంది. వరుసగా ఉన్న రోజులైతే "10 నుండి 12 వరకు" బాగానే ఉంటుంది, 12 కూడా సెలవే అయినంతవరకు. ఏ పద్ధతిలో రాసినా తిరిగి చేరే రోజును వేరే వాక్యంలో చెప్పండి, లెక్క సరిపోయిందో లేదో అదే చూపిస్తుంది. ఇంకొకటి, కొన్ని సంస్థల్లో సెలవు రోజుల మధ్య పడిన వారాంతాన్ని కూడా సెలవు కింద లెక్కిస్తారు. మీ దగ్గర ఆ నియమం ఉంటే 13 నుంచి 17 దాకా ఐదు రోజులవుతుంది, అప్పుడు "మూడు రోజుల" అన్న మాటే మారాలి. పంపేముందు కనుక్కోండి.

చివరి వాక్యాలు

"18న వచ్చేస్తా"లో రెండు చనువులున్నాయి. "వస్తాను"లో "ను" పోయింది, "వచ్చేస్తా"లోని "ఏస్తా" పనిని తేలిగ్గా, తొందరగా ముగించేసే ధోరణి. ఇంట్లోవాళ్ళతో ముచ్చటగా ఉంటుంది. లేఖలో "తిరిగి విధుల్లో చేరతాను".

"నా పని ఇంకొకరు చూస్తారు" అన్నది భవిష్యత్ కాలంలో సరిగ్గానే ఉంది, కానీ చదివే మేనేజర్‌కు వచ్చే మొదటి ప్రశ్న "ఎవరు?" అన్నదే. పని ఎవరికి అప్పగించాలో తేల్చేది ఆయనైతే మీరు ఆయన పని చేసినట్టు కూడా ఉంటుంది. అందుకే దాన్ని రెండుగా విడదీశాను. మీ చేతిలో ఉన్న పని మీరే ముగిస్తారు కాబట్టి "పూర్తి చేస్తాను". సహోద్యోగిని అడిగి ఒప్పించడం అయిపోయింది కాబట్టి "అంగీకరించారు". ఈ రెండు క్రియలు నిజానికి తగ్గట్టే ఉండాలి. ఇంకా అడగనే లేదంటే "అంగీకరించారు" రాయొద్దు, "మీరు సరేనంటే ఫలానా వారిని అడుగుతాను" అనండి. బాగా వినిపిస్తుందని ఇంకా కాని పనిని "పూర్తి చేశాను" అనేవారున్నారు, అది 13వ తేదీ ఉదయమే బయటపడుతుంది.

"అత్యవసరమైతే ఫోన్ చేయవచ్చు" అని చాలామంది రాస్తారు. "వచ్చు" అంటే అనుమతి ఇవ్వడం, మేనేజర్‌కు మీరు అనుమతి ఇస్తున్నట్టుంటుంది. "అందుబాటులో ఉంటాను" అంటే మాట మీ వైపు నుంచి వస్తుంది. పెళ్ళి రోజున కూడా ఫోన్ ఎత్తగలిగితేనే రాయండి, లేదా ఆ వాక్యం వదిలేయండి.

పైన "గౌరవనీయమైన" అన్నది వస్తువులకు, విషయాలకు. మనిషికి "గౌరవనీయులైన". పేరు తెలిస్తే "గౌరవనీయులైన ఫలానా గారికి" అనండి, అప్పుడు "మేనేజర్ గారు" కింది వరుసలో హోదాగా వస్తుంది. "గారు" స్త్రీ పురుషులిద్దరికీ సరిపోతుంది కాబట్టి అయ్యా, ఆర్యా లాంటి పిలుపులతో తంటాలు పడనక్కర్లేదు. కింద "విధేయులు" అన్నది బహువచనం, గౌరవ వాచకం. ఆ గౌరవం ఎదుటివారికి ఇస్తాం, మనకు మనం ఇచ్చుకోం. మీరు పురుషులైతే విధేయుడు, స్త్రీ అయితే విధేయురాలు. ముగ్గురు కలిసి సంతకం చేస్తే అప్పుడు విధేయులు. "ధన్యవాదాలతో" చాలు. "ముందుగానే ధన్యవాదాలు" అంటే సెలవు ఇచ్చేసినట్టే లెక్కవేసుకున్నట్టుంటుంది.

సెలవు వాడేసుకున్నాక రాస్తే

ఒక్కోసారి నిశ్చితార్థం రేపనగా తెలుస్తుంది. ఫోన్‌లో చెప్పి వెళ్ళిపోతాం, వచ్చాక లేఖ ఇవ్వమంటారు. అప్పుడు ఇంతకుముందు తప్పన్న రూపాలే సరైనవవుతాయి:

> మా చెల్లెలి నిశ్చితార్థం ఉన్నట్టుండి నవంబరు 5వ తేదీకి కుదరడంతో నేను ఊరు వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజు విధులకు హాజరు కాలేకపోయాను. ముందు రోజు సాయంత్రం మీకు ఫోన్‌లో తెలియజేశాను. 5వ తేదీని సెలవు దినంగా పరిగణించవలసిందిగా కోరుతున్నాను.

"వెళ్ళవలసి వచ్చింది", "కాలేకపోయాను", "తెలియజేశాను" అన్నీ జరిగిపోయినవి. "కోరుతున్నాను" మాత్రం ఇక్కడా మారలేదు. "మంజూరు చేయవలసిందిగా" బదులు "పరిగణించవలసిందిగా" వచ్చింది, వాడేసుకున్న రోజును ఇప్పుడు ఇవ్వడమంటూ ఉండదు కాబట్టి. "కుదరడంతో" చూడండి, ఈ రూపానికి కర్త వేరైనా ఇబ్బంది లేదు. కుదిరింది నిశ్చితార్థం, వెళ్ళింది మీరు. మీ లేఖలో "నిర్ణయించి" బదులు ఇలాంటిది పెట్టినా వాక్యం నిలబడేది.

లేఖతోపాటు మేనేజర్‌కు ఫోన్‌లో చిన్న సందేశం కూడా పెడతారనుకుంటే అది లేఖలా ఉండక్కర్లేదు, తేదీలు మాత్రం అవే ఉండాలి:

> నమస్కారం సార్. ఈ నెల 15న మా చెల్లి పెళ్ళి. 13, 16, 17 తేదీల్లో సెలవు ఇవ్వగలరా? లేఖ మెయిల్‌లో పంపాను.

"పంపాను" అని రాసేముందు మెయిల్ నిజంగా వెళ్ళిందో లేదో చూసుకోండి. ఇంకా పంపకపోతే "పంపుతున్నాను" అనండి.